ఇంతకీ నన్నేం చేయమంటారు?

మీ మేనేజర్‌కి సోమవారం పొద్దున మెయిల్ పెట్టారు. బుధవారం సాయంత్రమైనా జవాబు లేదు. గురువారం క్యాంటీన్ దగ్గర ఆయన ఎదురుపడితే, "సార్, నా మెయిల్ చూశారా?" అని అడిగారు. "ఆఁ, చూశానయ్యా. ఇంతకీ నన్నేం చేయమంటావు?" అన్నారాయన.

మీకు ఒళ్లు మండుతుంది. అరపేజీ రాశారు. ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో సహా ఇచ్చారు. అటాచ్‌మెంట్లు కూడా పెట్టారు. ఇంకేం కావాలి?

ఆయన అడిగిన దానికి జవాబు కావాలి. అది మీ మెయిల్‌లో ఉండే ఉంటుంది, కానీ చిట్టచివరి వాక్యంలో ఉంటుంది. లేదా "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అనే మాట చాటున దాక్కుని ఉంటుంది. చాలామంది దీన్ని ఇంగ్లీషు రాకపోవడం అనుకుంటారు. కాదు. మంచి ఇంగ్లీషు వచ్చినవాళ్ల మెయిళ్లు కూడా ఇలాగే సాగుతాయి, కాకపోతే ఇంకాస్త అందంగా సాగుతాయి. తప్పు వరుసలో ఉంది. పని మీ చేతిలో ఏ క్రమంలో జరిగిందో మీరు అదే క్రమంలో రాసుకుంటూ పోతారు. చదివేవాడికి ఆ క్రమంతో పని లేదు. ఆయన ఒక నిర్ణయం తీసుకోవాలి, దానికి కావలసినవి మాత్రం కావాలి.

ఒక మెయిల్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా కోసి చూద్దాం. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ అనుకోండి. అక్కడి మెయింటెనెన్స్ ఇంజినీరు 17వ తేదీ మంగళవారం ప్లాంట్ మేనేజర్‌కి రాసిన మెయిల్ ఇది. ఆఫీసులో ఇది ఇంగ్లీషులోనే వెళ్తుంది, మన సౌకర్యం కోసం తెలుగులో ఇస్తున్నాను.

సబ్జెక్టు: రిగార్డింగ్ యూపీఎస్ ఇష్యూ

"డియర్ సర్, గుడ్ మార్నింగ్. మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ మెయిల్ మన సర్వర్ రూమ్ యూపీఎస్‌కి సంబంధించినది. మీకు తెలిసిందే, దీన్ని నాలుగేళ్ల కిందట కొన్నాం. మొదటి మూడేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. ఈ నెల 5న నెలవారీ చెకింగ్‌లో బ్యాకప్ తగ్గినట్టు మా టెక్నీషియన్ గమనించాడు. వెంటనే ఏఎంసీ వాళ్లకి ఫోన్ చేశాం. 6న వస్తామని రాలేదు. మళ్లీ రెండుసార్లు గుర్తు చేస్తే 9న వచ్చారు. వాళ్ల ఇంజినీరు 32 బ్యాటరీలూ ఒక్కొక్కటిగా చెక్ చేసి 9 వీక్ అయ్యాయని చెప్పాడు. ఆ 9 మాత్రమే మార్చవచ్చా అని అడిగాం. పాతవాటితో కలిపితే కొత్తవి కూడా త్వరగా పోతాయి, మొత్తం మార్చాలని రిపోర్టు ఇచ్చాడు. 11న ఐటీ వాళ్లతో మాట్లాడాం. సర్వర్లన్నీ పద్ధతిగా ఆఫ్ చేయడానికి 15 నిమిషాలు పడుతుందన్నారు. ప్రస్తుతం బ్యాకప్ 6 నిమిషాలే వస్తోంది. కొత్తలో అరగంట వచ్చేది. జనరేటర్ ఉంది గానీ పోయిన నెల ఒకసారి స్టార్ట్ కాలేదు, దాని సర్వీసింగ్ గురించి కూడా తమరు ఒకసారి చూడాలి. తర్వాత ముగ్గురు వెండర్లని కొటేషన్లు అడిగాం. ఒకరు స్పందించలేదు. మొదటి వెండర్ పాత బ్యాటరీల బైబ్యాక్ పోను, పన్నులతో కలిపి రూ. 2,48,000 చెప్పాడు. రెండేళ్ల వారంటీ, ఆర్డరిచ్చిన ఐదు రోజుల్లో డెలివరీ. రెండో వెండర్ రూ. 2,31,000, ఏడాది వారంటీ, మూడు వారాల్లో డెలివరీ. బేరమాడాం గానీ ఇద్దరూ తగ్గలేదు. మొదటి కొటేషన్ 20 వరకే చెల్లుతుంది. 28న సబ్‌స్టేషన్ పనుల వల్ల రోజంతా కరెంటు ఉండదని నోటీసు కూడా వచ్చింది. పై విషయాలన్నీ దృష్టిలో ఉంచుకుని, వీలైనంత త్వరగా కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్. థాంక్స్ అండ్ రిగార్డ్స్."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఒక్క అనవసరమైన పనీ చేయలేదు పాపం. అయినా దీన్ని ఫోన్‌లో తెరిచిన మేనేజర్‌కి మొదటి స్క్రీన్ నిండా కనిపించేది గుడ్ మార్నింగ్, క్షేమ సమాచారం, ఏఎంసీ వాళ్ల ఆలస్యం. డబ్బు మంజూరు చేయమని అడుగుతున్నారన్న సంగతి ఎక్కడా లేదు. మళ్లీ పైకెళ్లి చూడండి, "అప్రూవ్" అన్న మాటే లేదు.

1. ముందు ఒక్క వాక్యం నోటితో చెప్పండి

మెయిల్ పక్కన పెట్టండి. మేనేజర్ కారెక్కి తలుపు వేసుకోబోతున్నారు, మీకు ఒక్క వాక్యానికే టైముంది. ఏమంటారు?

"సార్, యూపీఎస్ బ్యాటరీలకి రెండు లక్షల నలభై ఎనిమిది వేలు అప్రూవ్ చేయాలి, ఎల్లుండి నాలుగింటి లోపు."

అదే మీ మెయిల్‌లో మొదటి వాక్యం. నోటితో చెప్పినప్పుడు "మీరు క్షేమంగా ఉన్నారని" అన్న మాట రాలేదు, ఏఎంసీ వాళ్లు 6న రాని సంగతి కూడా రాలేదు, గమనించారా? నోరు ఈ కోత తానే వేస్తుంది. కీబోర్డు ముందు కూర్చుంటేనే మనకు బడిలో నేర్చుకున్న సెలవుచీటీ గుర్తొస్తుంది.

ఈ వాక్యంలో క్రియ గట్టిగా ఉండాలి. అప్రూవ్ చేయండి, ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోండి, సంతకం చేయండి, ఫైలు పంపండి, అవునో కాదో చెప్పండి: ఇవన్నీ చేశారో లేదో తేలే పనులు. "ఒకసారి చూడండి", "పరిశీలించండి", "మీ సలహా కావాలి": ఇవి తేలవు. మెయిల్ తెరిచి మూసినవాడు "చూశాను" అనే అనుకుంటాడు, న్యాయంగానే అనుకుంటాడు.

ఎంత ప్రయత్నించినా ఆ ఒక్క వాక్యం రావడం లేదా? అయితే ఏం అడగాలో మీకే ఇంకా తేలలేదు. ఆ స్థితిలో రాసే మెయిల్ పొడుగ్గానే వస్తుంది, ఎందుకంటే మీరు రాస్తూ ఆలోచిస్తున్నారు. రాయండి, కానీ పంపకండి. చివరి పేరా దాకా వచ్చేసరికి అడగవలసింది దొరుకుతుంది. దాన్ని తీసి పైన పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి.

పెద్దవాళ్లని మొదటి వాక్యంలోనే అడిగేస్తే అమర్యాద కాదా అని కొందరికి సంకోచం. మర్యాద "సార్"లో ఉంటుంది, "చేయగలరు"లో ఉంటుంది. ఆయన టైము తినకపోవడంలో కూడా ఉంటుంది. పెళ్లి శుభలేఖలో ముహూర్తం, వేదిక కొట్టొచ్చినట్టు వేస్తాం. సంబంధం ఎలా కుదిరిందో వేయం, అయినా ఎవరూ నొచ్చుకోరు.

2. ప్రతి వాక్యాన్నీ నిలదీయండి

ఇప్పుడు పాత మెయిల్‌ని మళ్లీ తెరిచి, ఒక్కో వాక్యాన్నీ ఈ ప్రశ్న అడగండి: ఇది తీసేస్తే ఆయన నిర్ణయం మారుతుందా? లేదా ఆయన తిరిగి నన్ను ఏదైనా అడగాల్సి వస్తుందా? రెండింటికీ "లేదు" అయితే ఆ వాక్యం పోవాలి.

చాలా పుస్తకాలు మాటలు తగ్గించమంటాయి. మాటలు తగ్గిస్తే వంద మాటల మెయిల్ ఎనభై అవుతుంది, అంతే. తగ్గించాల్సింది సంగతులు. మన మెయిల్ మీద ఇది ఎలా పనిచేస్తుందో చూడండి.

"గుడ్ మార్నింగ్", "ఈ మెయిల్ ఫలానాదానికి సంబంధించినది", "మీకు తెలిసిందే": వెంటనే కొట్టేయొచ్చు. తెలిసిందే అయితే రాయడమెందుకు?

"నాలుగేళ్ల కిందట కొన్నాం." దీని దగ్గర ఆగండి. చరిత్రలా కనిపిస్తుంది కానీ కాదు. "అప్పుడే పాడయ్యాయా?" అని ఏ మేనేజరైనా అడుగుతాడు. నాలుగేళ్లంటే ఇలాంటి బ్యాటరీలకి వయసైపోయినట్టే, ఆ సంగతి తెలిస్తే ప్రశ్న రాదు. కాబట్టి ఉంచాలి, కానీ "నాలుగేళ్ల పాతవి" అన్న రెండు మాటలు చాలు. "మొదటి మూడేళ్లు ఇబ్బంది రాలేదు" పోతుంది.

టెక్నీషియన్ గమనించడం, ఫోన్ చేయడం, వాళ్లు రాకపోవడం, గుర్తు చేయడం, 9న రావడం. ఇదంతా మీరు పడ్డ కష్టం. నిర్ణయానికి సంబంధం లేదు. కాకపోతే ఏఎంసీ వాళ్లు పిలిచిన నాలుగు రోజులకి రావడం చిన్న విషయం కాదు. అది విడిగా రాయాల్సిన మెయిల్. దాన్ని ఇక్కడ నాలుగు వాక్యాల మూలుగుగా పెడితే ఆ ఫిర్యాదూ తేలదు, ఈ అప్రూవలూ తేలదు.

"9 వీక్, కానీ 32 మార్చాలి." ఇది ఉండి తీరాలి. డబ్బు సంతకం పెట్టేవాడికి మొదట తట్టే ప్రశ్న ఇదే: తొమ్మిది పోతే ముప్పై రెండెందుకు? కారణం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. బ్యాటరీలన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి, పాతవాటి మధ్య కొత్తవి పెడితే అవీ త్వరగా పోతాయి. ఎవరు చెప్పారన్నది కూడా ముఖ్యమే, ఏఎంసీ ఇంజినీరు రిపోర్టు అని రాయాలి. లేకపోతే అది మీ సొంత అభిప్రాయం అవుతుంది.

తర్వాత వచ్చేది ఈ మెయిల్ మొత్తానికి ప్రాణం. సర్వర్లు ఆఫ్ చేయడానికి 15 నిమిషాలు కావాలి, బ్యాకప్ 6 నిమిషాలే వస్తోంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఇక వాదన అక్కర్లేదు. పాత మెయిల్‌లో ఇవి "11న ఐటీ వాళ్లతో మాట్లాడాం" అనే డైరీ ఎంట్రీ కింద నలిగిపోయాయి. మీరు రాసే ప్రతి పొడుగాటి మెయిల్‌లోనూ ఇలాంటి జంట ఒకటి ఉంటుంది: కావలసింది ఎంత, ఉన్నది ఎంత. దాన్ని వెతికి పట్టుకోవడమే సగం పని.

జనరేటర్ సంగతి తమాషాగా ఉంటుంది. "జనరేటర్ ఉందిగా, ఆరు నిమిషాలు చాలవా?" అని ఆయన అడుగుతారు. కాబట్టి అది పోయిన నెల స్టార్ట్ కాలేదన్న ముక్క ఉంచాలి. కానీ "దాని సర్వీసింగ్ కూడా తమరు చూడాలి" అన్నది రెండో కోరిక. ఒకే మెయిల్‌లో రెండు కోరికలుంటే ఆయన సులువైనదానికి జవాబిచ్చి, రెండోదాన్ని మరిచిపోతారు. "జనరేటర్ విషయం సర్వీస్ వాళ్లతో మాట్లాడు" అని మీకు రిప్లై వస్తుంది, బ్యాటరీలు అక్కడే ఉంటాయి. దానికి వేరే మెయిల్ రాయండి.

"ఒక వెండర్ స్పందించలేదు." మామూలుగా అయితే కొట్టేయాలి. అయితే మీ కంపెనీలో ఇంత మొత్తానికి మూడు కొటేషన్లు ఉండాలన్న రూలుంటే మాత్రం తీయకూడదు, లేకపోతే పర్చేజ్ వాళ్లు ఫైలు వెనక్కి పంపుతారు. ఏది అవసరమో చదివేవాడి కుర్చీలోంచి చూడాలి, మీ కుర్చీలోంచి కాదు. బేరమాడిన సంగతి అంతే. మీ మేనేజర్ ప్రతిసారీ "బేరమాడావా?" అని అడిగే మనిషైతే రెండు మాటలు ఉంచండి, కాకపోతే వద్దు.

చివరికి 20, 28 తేదీలు. ఇవి పాత మెయిల్‌లో "కూడా వచ్చింది" అంటూ తోకలా వచ్చాయి. నిజానికి తొందరంతా వీటివల్లే. 28న ప్లాంటు రోజంతా జనరేటర్ మీదే నడవాలి. అది మధ్యలో ఆగితే చేతిలో ఉన్నది ఆరు నిమిషాలు. చవకైన రెండో వెండర్ మూడు వారాలంటున్నాడు కాబట్టి ఆ తేదీకి అందడు. అంటే ఈ ఒక్క తేదీ గడువునీ తేల్చేసింది, వెండర్‌నీ తేల్చేసింది.

3. ఆయన అడిగే వరుసలో పేర్చండి

మిగిలిన సంగతుల్ని ఎలా పేర్చాలి? మీ మేనేజర్ ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తున్నారనుకోండి. ఏం కావాలి? ఎందుకు? ఇన్ని ఎందుకు? వీళ్ల దగ్గరే ఎందుకు? ఇంత తొందరేంటి? ఆ వరుసలోనే రాయండి. ముందు ముఖ్యమైన మాట, తర్వాతే కారణాలు అన్నది అమెరికా సైన్యం తన ఉత్తర ప్రత్యుత్తరాలకి నిబంధనగానే పెట్టుకుంది. మన ఫ్యాక్టరీ మెయిల్‌కి అది ఇలా అమరుతుంది.

సబ్జెక్టు: అప్రూవల్ కావాలి, 19 గురువారం సా. 4 లోపు: యూపీఎస్ బ్యాటరీలు, రూ. 2.48 లక్షలు

"సార్,

సర్వర్ రూమ్ యూపీఎస్‌కి 32 కొత్త బ్యాటరీలు కొనడానికి రూ. 2,48,000 అప్రూవ్ చేయగలరు (పన్నులతో కలిపి, పాతవాటి బైబ్యాక్ పోను). 19 గురువారం సాయంత్రం 4 లోపు కావాలి.

ఎందుకు: సర్వర్లు పద్ధతిగా ఆఫ్ చేయడానికి 15 నిమిషాలు కావాలి, బ్యాకప్ 6 నిమిషాలే వస్తోంది. జనరేటర్ పోయిన నెల ఒకసారి స్టార్ట్ కాలేదు. కొత్త బ్యాటరీలతో అరగంట వస్తుంది.

32 ఎందుకు: 9 పాడయ్యాయి. అన్నీ నాలుగేళ్ల పాతవే. కలిపి వాడితే కొత్తవీ త్వరగా పోతాయని ఏఎంసీ ఇంజినీరు రిపోర్టు.

ఈ వెండర్ ఎందుకు: రెండేళ్ల వారంటీ, ఐదు రోజుల్లో డెలివరీ. రెండో కొటేషన్ రూ. 17,000 తక్కువ, కానీ వారంటీ ఏడాదే, డెలివరీ మూడు వారాలు.

గురువారమే ఎందుకు: ఈ కొటేషన్ 20 వరకే. 28న రోజంతా పవర్ షట్‌డౌన్. 20న ఆర్డరిస్తే 25కి వస్తాయి, 27 లోపు బిగిస్తాం.

మీరు 'అప్రూవ్డ్' అని రిప్లై ఇస్తే చాలు, పర్చేజ్‌కి నేను పంపుతాను.

అటాచ్: రెండు కొటేషన్లు, ఏఎంసీ రిపోర్టు."

పాతదానికంటే బాగా పొట్టిది. అయినా పాతదాంట్లో లేని మూడు కొత్త సంగతులు ఇందులో చేరాయి చూశారా? ఏం చేయాలో చేరింది. రెండు కొటేషన్ల మధ్య తేడా పదిహేడు వేలని లెక్క కట్టి ఇచ్చాం, ఇదివరకు ఆ తీసివేత ఆయనకే వదిలేశాం. ఆర్డరు నుంచి బిగింపు దాకా తేదీల లెక్క చేరింది. అడ్డంగా కోసుకుంటూ పోవడమే తగ్గించడం అనుకుంటే ఈ మూడూ రావు.

చివరి వాక్యాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆయన ఎయిర్‌పోర్టులో లైన్లో నిలబడి ఫోన్‌లో చదువుతున్నా ఒక్క మాట కొట్టి పంపేయొచ్చు. ఫారం నింపాలా, పోర్టల్‌లోకి వెళ్లాలా, ఎవరికి కాపీ పెట్టాలి అన్న సందేహం ఒక్కటి మిగిలినా "తర్వాత చూద్దాం" అనుకుంటారు. మీ దగ్గర అప్రూవల్ పోర్టల్‌లోనే ఇవ్వాలంటే ఆ లింకు ఇక్కడే పెట్టండి.

4. సబ్జెక్టు లైను చివర్లో రాయండి

మెయిల్ పూర్తయ్యాకే సబ్జెక్టు రాయండి, అప్పటికి గానీ మీరు ఏం అడుగుతున్నారో తేలదు. ఫోన్‌లో సబ్జెక్టు మొత్తం కనిపించదు, మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. "రిగార్డింగ్" అనే మాట ఆ జాగాలో కూర్చుంటే ఏం లాభం? పని పేరు, గడువు ముందు రావాలి. విషయం పేరు తర్వాత రావచ్చు, కోసేసినా ఫరవాలేదు.

ఇంకో అలవాటు ఉంది. కొత్త విషయం రాయడానికి పాత మెయిల్ ఏదో తెరిచి రిప్లై కొట్టేయడం. బ్యాటరీల మెయిల్ "రీ: రీ: క్యాంటీన్ కమిటీ మీటింగ్" కింద వెళ్తుంది. రెండు నెలల తర్వాత ఆడిట్‌లో అడిగితే మీకే దొరకదు.

5. గడువుకి రోజు, తేదీ, గంట

"అట్ ది ఎర్లియస్ట్", "ఏఎస్ఏపీ", "ఈఓడీ" ఈ మూడూ గడువులు కావు. రోజు ముగింపు అంటే మీకు ఆరు గంటలు, ఆయనకి రాత్రి పదకొండు. "19 గురువారం సాయంత్రం 4" అని రాసి, ఆ గడువుకి కారణం పక్కనే పెట్టండి. కారణం లేని గడువుని ఎవరూ నమ్మరు, అందరూ అన్నీ అర్జెంటే అంటారు కాబట్టి.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా టీమ్‌కి రాసేవాళ్లకి ఇక్కడ ఇంకో గుంట ఉంది. మీ గురువారం సాయంత్రం 4 గంటలంటే న్యూయార్క్‌లో గురువారం పొద్దున ఐదున్నరో ఆరున్నరో. వాళ్లు వేసవికి గడియారం ముందుకి జరుపుతారు కాబట్టి తేడా ఒకసారి పదిన్నర గంటలు, ఒకసారి తొమ్మిదిన్నర. "గురువారం" అని మాత్రమే రాస్తే వాళ్ల గురువారం ముగిసేసరికి మీకు శుక్రవారం పొద్దెక్కి ఉంటుంది. ఎవరి టైమో రాయండి, వీలైతే వాళ్ల టైములో రాయండి.

6. ఒకరికి మించి రాస్తే పేరుతో పని

"డియర్ టీమ్, దయచేసి వివరాలు పంపండి" అని ఎనిమిది మందికి పంపితే ఎనిమిది మందీ మిగతా ఏడుగురు పంపుతారనుకుంటారు. పని చేయాల్సినవాళ్లే టూలో ఉండాలి, తెలిస్తే చాలన్నవాళ్లు సీసీలో. లోపల ఒక్కో మనిషికీ ఒక్కో లైను: పేరు, పని, గడువు. స్టోర్స్ వాళ్లు పాత బ్యాటరీల సీరియల్ నంబర్లు బుధవారానికి, ఐటీ వాళ్లు 27 రాత్రి యూపీఎస్ ఆపే టైము గురువారానికి. తన పేరు కనపడిన లైను చదివి మిగతాది వదిలేస్తారు. వదిలేయనివ్వండి.

మరీ కోసేస్తే?

ఈ అధ్యాయం చదివి కొందరు రెండో గట్టుకి వెళ్తారు. "సార్, ప్లీజ్ అప్రూవ్. పీఎఫ్ఏ." నాలుగు మాటలు, రెండు పీడీఎఫ్‌లు. ఇది పొట్టి మెయిల్ కాదు, పని ఆయన మీదకి నెట్టేసిన మెయిల్. పన్నెండు పేజీల కొటేషన్లు ఫోన్‌లో తెరిచి పోల్చుకోవాల్సింది ఆయనే అయ్యింది. "ప్లీజ్ సీ ట్రెయిలింగ్ మెయిల్" అని కింద పదిహేను మెయిళ్ల తోక తగిలించడం కూడా ఇదే జాతి. ఆ తోకలోంచి కావలసిన రెండు వాక్యాలు ఏరి పైన పెట్టాల్సింది మీరు.

సరిపడా రాశారో లేదో ఎలా తెలుస్తుంది? వచ్చే జవాబుని బట్టి తెలుస్తుంది. "ఓకే" అనో "వద్దు" అనో వస్తే మెయిల్ సరిపోయింది. "32 ఎందుకు?" అని వస్తే ఒక వాక్యం ఎక్కువ కోశారు. "నన్నేం చేయమంటావు?" అని వస్తే తక్కువ కోశారు.

మరి "రేపు ఏదైనా తేడా వస్తే నన్నే అంటారు, అందుకే అంతా రాస్తాను" అంటారా? ఆ భయం అబద్ధం కాదు. చాలా పొడుగాటి మెయిళ్లు ఆ భయంతోనే రాస్తారు. అయితే రక్షణ కోసం రాసేది మెయిల్ కింద అటాచ్ అవ్వాలి, మెయిల్ మధ్యలో కాదు. తేదీలవారీగా ఏం జరిగిందో ఒక పేజీ నోట్ రాసి జతచేయండి. 1940 ఆగస్టు 9న, యుద్ధం నడుస్తుండగా, బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన ప్రభుత్వంలోని వాళ్లకి ఒక చిన్న మెమో పంపాడు. దాని శీర్షికే "సంక్షిప్తత". నివేదికల్లో ముఖ్యాంశాలు పొట్టి పేరాల్లో చెప్పండి, చిక్కుముడి విశ్లేషణలూ గణాంకాలూ ఉంటే అనుబంధంలో పెట్టండి అన్నాడు. వివరాలు వద్దనలేదు, వాటి చోటు మార్చమన్నాడు.

జరిగిన క్రమమే అసలు విషయమైన మెయిళ్లు కొన్ని ఉంటాయి. ప్రమాదం జరిగితే రాసే రిపోర్టు, ఆడిట్ ప్రశ్నకి జవాబు, లీగల్ వాళ్లకి పంపే వివరణ. వాటిలో ఏ గంటకి ఏం జరిగిందో కోయకూడదు. పైన రెండు వాక్యాల్లో సారం, ఏం కావాలో చెప్పి కింద క్రమం మొత్తం ఇవ్వండి. అలాగే ఒక మనిషికి చేదు కబురు చెప్పాల్సి వస్తే, ప్రమోషన్ రాలేదనో సెలవు కుదరదనో చెప్పాలంటే, దాన్ని మూడు లైన్ల మెయిల్‌గా కోయడం మొరటుతనం. అది మెయిల్‌లో చెప్పాల్సిన మాటే కాదు, ముందు నోటితో చెప్పండి.

జవాబు రాకపోతే?

పాత మెయిల్ మీద "జెంటిల్ రిమైండర్" అని రాసి మళ్లీ పంపితే ఆయన మళ్లీ కిందికి జరుపుకుంటూ వెతకాలి. రిమైండర్‌లో కోరిక మొత్తం మళ్లీ రాయండి, రెండే రెండు వాక్యాల్లో. గురువారం పొద్దున పదింటికి: "సార్, యూపీఎస్ బ్యాటరీలకి రూ. 2,48,000 అప్రూవల్ ఈ రోజు సాయంత్రం 4 లోపు కావాలి. రాకపోతే రేటు మారొచ్చు, 28 షట్‌డౌన్‌కి బ్యాటరీలు అందవు." వివరాలు కింద ఉన్న మెయిల్‌లో ఎలాగూ ఉంటాయి.

మధ్యాహ్నానికీ ఉలుకూ పలుకూ లేకపోతే మూడో మెయిల్ వద్దు. ఫోన్ చేయండి, లేదా వెళ్లి కలవండి. ఆయన సరేనన్నాక సీటుకొచ్చి ఒక మెయిల్ పెట్టండి: "సార్, ఇప్పుడు ఫోన్‌లో మీరు రూ. 2,48,000 ఓకే చేశారు. ఆర్డరు కోసం పర్చేజ్‌కి పంపుతున్నాను." పర్చేజ్ వాళ్లని సీసీలో ఉంచితే వాళ్లకి విడిగా రాయాల్సిన పని కూడా ఉండదు.